టీవీ నిండకపోతే ఏమైంది?

పాత వీడియో గేముల్ని కొత్త టీవీల మీద ఆడేవాళ్ళ మధ్య ఒక తగాదా ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. పిక్సెల్ గడి గడిగానే కనపడాలని ఒక పక్షం అంటుంది. ఇంత మంచి టీవీ కొనుక్కుని ఆ రంపపు అంచులు చూడటం ఎందుకు, ఒక ఫిల్టర్ వేసి నునుపు చేసుకుంటే పోలేదా అని ఇంకో పక్షం అంటుంది. నేను మొదటి పక్షమే. కాకపోతే మా పక్షంవాళ్ళు చెప్పే కారణం నాకు నచ్చదు. "గళ్ళు కనపడితేనే అసలైన రెట్రో" అంటారు. అది ఇష్టాయిష్టాల సంగతి, దాని మీద ఎంతసేపు కొట్లాడుకున్నా తేలదు.

నా లెక్క వేరు. ఫిల్టర్ వేయాలా వద్దా అనేది తర్వాతి ప్రశ్న. బొమ్మ ఎన్ని రెట్లు పెరుగుతోంది అనేది ముందు చూసుకోవాలి. సరిగ్గా మూడు రెట్లో, నాలుగు రెట్లో అయితే ప్రతి పిక్సెల్‌కూ సమానమైన చోటు దొరుకుతుంది. నాలుగున్నర రెట్లు అయితే దొరకదు. ఇంటీజర్ స్కేలింగ్ అంటే ఇంతే: బొమ్మను పూర్ణసంఖ్య రెట్లు మాత్రమే పెంచడం, మిగిలిన తెరను నల్లగా వదిలేయడం.

ఆ నల్లగా వదిలేయడం దగ్గరే మా ఇంట్లో గొడవ. అనంతపురం నుంచి మా చిన్నాన్న కొడుకు కర్నూలు వచ్చినప్పుడల్లా టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి పాత ఆటలు పెడతాం. వాడు రిమోట్ చేతిలోకి తీసుకుని మొదట అడిగే మాట ఒకటే. "ఏందన్నా ఇది, ఇంత టీవీ పెట్టుకోని చుట్టూ నల్లగా వదిలిపెట్టినావు? లాగి నింపు." సరేనని నింపితే రెండు నిమిషాలకు వాడే అంటాడు, "వీడి మొహమేందన్నా, నడిస్తే వంకర పోతాండాది?" ఆ వంకర ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం.

మనం చిన్నప్పుడు టీవీ గేమ్ అని పిలుచుకున్న పెట్టెల్లో చాలావాటికి మూలం నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్. అమెరికాలో దాన్నే NES అన్నారు. అది గీసే బొమ్మ అడ్డంగా 256 పిక్సెళ్ళు, నిలువుగా 240. ఫుల్ హెచ్‌డీ టీవీకి నిలువుగా 1080 పిక్సెళ్ళు. 1080ని 240తో భాగిస్తే 4.5 వస్తుంది. పాత ఆటలు ఆడేవాడికి ఇంతకన్నా చెడ్డ సంఖ్య దొరకదు. అదే 720 అయితే సరిగ్గా మూడు రెట్లు, 1440 అయితే ఆరు, 4కే టీవీలో 2160 అయితే తొమ్మిది. వీటన్నిటికీ కుదిరి, ఎన్నో ఇళ్ళలో ఉన్న ఫుల్ హెచ్‌డీకి కుదరకపోవడం మన ఖర్మ.

ఒక పిక్సెల్‌ను నాలుగున్నర పిక్సెళ్ళ వెడల్పుకు సాగదీయడం కుదరదు, తెర మీద సగం పిక్సెల్ అనేది లేదు కాబట్టి. ఫిల్టర్ లేకుండా సాగదీస్తే కంప్యూటర్ ఒకదానికి నాలుగు ఇస్తుంది, పక్కదానికి ఐదు ఇస్తుంది, మళ్ళీ నాలుగు, మళ్ళీ ఐదు. పదహారు పిక్సెళ్ళ వెడల్పున్న మనిషి బొమ్మలో కళ్ళు ఒక్కో పిక్సెల్ అనుకోండి. వాటి మధ్య దూరాన్ని బట్టి ఒక కన్ను నాలుగు, ఇంకో కన్ను ఐదు కావచ్చు. అంటే ఒకటి రెండోదానికన్నా పాతిక శాతం పెద్దది. బొమ్మ కదలకుండా ఉంటే మనం అంతగా పట్టించుకోం. కానీ ఆ మనిషి ఒక్క పిక్సెల్ పక్కకు జరిగాడంటే నాలుగు పడిన చోట ఐదు, ఐదు పడిన చోట నాలుగు పడతాయి. అడుగడుక్కీ ఎడమ కన్ను పెద్దదవుతుంది, కుడి కన్ను చిన్నదవుతుంది, మళ్ళీ తారుమారవుతుంది. మా వాడు చూసిన వంకర ఇదే. తెర మొత్తం పక్కకు జరిగే ఆటల్లో ఇటుక గోడలన్నీ ఇలాగే అలలు అలలుగా కదులుతాయి.

1366×768 ల్యాప్‌టాప్‌ల సంగతి ఇంకో రకం. 768ని 240తో భాగిస్తే 3.2. అక్కడ నాలుగు వరసలు మూడేసి పిక్సెళ్ళ ఎత్తు ఉంటాయి, ఐదో వరస నాలుగు ఉంటుంది. ఆట ఆపి, స్కోరు రాసే చోట అక్షరాల అడ్డగీతలు చూడండి. ఒక అక్షరంలో అన్ని అడ్డగీతలూ ఒకే మందంలో ఉండాలి. ఒకటి లావుగా, మిగతావి సన్నగా ఉంటే మీ తెర మీద జరిగేది ఇదే.

దీనికి మొదటి మందు నల్ల పట్టీలు. ఫుల్ హెచ్‌డీలో నాలుగు రెట్లు పెంచితే 960 గీతలు వాడుకుంటాం, 120 మిగులుతాయి. పైన 60, కింద 60. తెర ఎత్తులో పదకొండు శాతం పోయినట్టు. ఆ పదకొండు శాతం కోసం ప్రతి మొహాన్నీ వంకర చేసుకోవడం నాకు గిట్టుబాటు బేరంగా కనపడదు. పాత ఆటల్ని కంప్యూటర్లో ఆడించే రెట్రోఆర్చ్ వాడేవాళ్ళు retroarch.cfg ఫైల్లో ఈ రెండు వరసలు ఇలా ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు:

```
video_scale_integer = "true"
video_smooth = "false"
```

ఇంకో మెలిక కూడా ఉంది. పాత టీవీలు అంచుల్లో కొన్ని గీతల్ని చట్రం వెనక దాచేసేవి. అందుకని పాత యంత్రాల్ని కంప్యూటర్లో అనుకరించే ఎమ్యులేటర్లు చాలావరకు పైన ఎనిమిది, కింద ఎనిమిది గీతలు కోసేసి 224 మాత్రమే చూపిస్తాయి. 224ని ఐదు రెట్లు చేస్తే 1120 అవుతుంది, తెరకన్నా 40 ఎక్కువ. అంటే అసలు బొమ్మలో పైన నాలుగు, కింద నాలుగు గీతలు ఇంకా పోతాయి. చాలా ఆటల్లో ఆ చోట ఏమీ ఉండదు కాబట్టి ఐదు రెట్లు వేసుకుని తెర నింపుకోవచ్చు. స్కోరును మరీ అంచుకు పెట్టిన ఆటల్లో మాత్రం అంకెల నెత్తిన కోత పడుతుంది. అప్పుడు మళ్ళీ నాలుగుకు దిగాల్సిందే.

ఇంత చేసినా కొందరికి వంకర పోదు. అప్పుడు అనుమానించాల్సింది టీవీని. మన ఇళ్ళలో 32 అంగుళాల "హెచ్‌డీ రెడీ" టీవీలు కోకొల్లలు. వాటిల్లో చాలావాటి అసలు తెర 1366×768. కానీ హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టగానే "నాకు 1080 పంపినా ఫర్వాలేదు" అని ల్యాప్‌టాప్‌కు చెబుతాయి. మనం కష్టపడి సరిగ్గా నాలుగు రెట్లు పెంచి పంపిన బొమ్మను టీవీ మళ్ళీ 0.71 రెట్లకు కుదించి చూపిస్తుంది. మన లెక్కంతా గంగపాలు. నిజంగా ఫుల్ హెచ్‌డీ తెర ఉన్న టీవీలు కూడా బొమ్మను కొంచెం పెద్దది చేసి అంచులు కోసే అలవాటు ఇంకా మానలేదు. ఆ అలవాటును ఆపే సెట్టింగ్ ఒక్కో టీవీలో ఒక్కో పేరుతో ఉంటుంది, Just Scan అని, Screen Fit అని, ఇంకేవో.

ఇది తేల్చుకోవడానికి ఆట అవసరం లేదు. ఒక పిక్సెల్ నలుపు, ఒక పిక్సెల్ తెలుపు ఉన్న గళ్ళ బొమ్మ ఒకటి చేసి, ల్యాప్‌టాప్‌లో నూరు శాతం సైజులో, తెర నిండా తెరవాలి. ఇమేజ్‌మ్యాజిక్ ఉంటే ఒక్క వరస చాలు:

```
magick -size 1920x1080 pattern:gray50 test.png
```

దూరం నుంచి చూస్తే తెరంతా ఒకే బూడిద రంగులో కనపడాలి. చారలో, అలలో, పెద్ద పెద్ద మచ్చలో కనపడితే మధ్యలో ఎవరో బొమ్మను మళ్ళీ సాగదీస్తున్నట్టు. ల్యాప్‌టాప్ నుంచి 1360×768 పంపే వీలుంటే హెచ్‌డీ రెడీ టీవీలు కొన్ని దాన్ని ఉన్నదున్నట్టుగా చూపిస్తాయి. కొన్ని చూపించవు. అవి ఆటలకు పనికిరావు, సీరియళ్ళకు బ్రహ్మాండంగా పనికొస్తాయి.

ఇక నునుపు ఫిల్టర్ల దగ్గరికి వద్దాం. వీటిలో రెండు జాతులున్నాయి, వాటిని కలిపి తిట్టడం అన్యాయం. బైలీనియర్ మొదటి జాతి. అది పక్కపక్క రంగుల్ని కలిపి మధ్య రంగు వేస్తుంది, అంతే. బొమ్మ మసకబారుతుంది గానీ ఆకారం మారదు. కళ్ళజోడు తీసేసి చూసినట్టు ఉంటుంది. రెండో జాతి తెలివైనది: `Scale2x`, `hq2x`, `xBR` లాంటివి. ఇవి బొమ్మను చూసి, "ఇక్కడ చిత్రకారుడు ఏటవాలు గీత గీద్దామనుకుని పిక్సెళ్ళు చాలక మెట్లు గీశాడు" అని ఊహించి, ఆ మెట్లను చదును చేస్తాయి. నాకు అభ్యంతరం ఈ ఊహతోనే.

వాటిలో అన్నిటికన్నా సాదాది `Scale2x`. ఆండ్రియా మజోలెని 2001లో అడ్వాన్స్‌మేమ్ అనే ఎమ్యులేటర్ కోసం రాశాడు. దాదాపు ఇదే సూత్రాన్ని అంతకుముందే, 1992 ప్రాంతంలో, లూకస్‌ఆర్ట్స్‌లో ఎరిక్ జాన్‌స్టన్ తమ ఆటల్ని మ్యాక్ కంప్యూటర్లకు తెచ్చేటప్పుడు వాడాడు. మొత్తం సూత్రం ఇంతే. మధ్య పిక్సెల్ E. పైన B, ఎడమ D, కుడి F, కింద H. E స్థానంలో నాలుగు పిక్సెళ్ళు రావాలి:

```
if (B != H && D != F) {
  E0 = (D == B) ? D : E;
  E1 = (B == F) ? F : E;
  E2 = (D == H) ? D : E;
  E3 = (H == F) ? F : E;
}
```

షరతు కుదరకపోతే నాలుగూ E రంగే. మాటల్లో చెప్పాలంటే, పైనున్న పిక్సెల్, ఎడమనున్న పిక్సెల్ ఒకే రంగు అయితే ఆ రెండిటి మధ్య మూలకు ఆ రంగే వేస్తుంది. ఏటవాలు గీతకు ఇది చక్కగా పని చేస్తుంది. మెట్టు మెట్టుకూ మధ్య ఉన్న మూల పూడి, రంపం పళ్ళు సగానికి సగం చిన్నవవుతాయి. ఇంత చిన్న సూత్రంతో అంత పని జరగడం ముచ్చటేసే విషయమే, కాదనను.

కానీ ఏటవాలు గీత కాని చోట ఏమవుతుంది? నేను సరదాగా చేసుకుంటున్న చిన్న ఆటలో కొండారెడ్డి బురుజును 32×32 పిక్సెళ్ళలో గీశాను. అచ్చం అలాగే ఉందని చెప్పను గానీ కర్నూలువాళ్ళు చూస్తే గుర్తుపడతారు. పైన పిట్టగోడకు పళ్ళు పెట్టాను. ఒక్కో పన్ను రెండు పిక్సెళ్ళ వెడల్పు, ఒక పిక్సెల్ ఎత్తు, మధ్యలో రెండు పిక్సెళ్ళ ఖాళీ. కింద గోడ. చుక్క అంటే ఆకాశం, # అంటే రాయి:

```
..##..##..
##########
```

సరిగ్గా రెండు రెట్లు పెంచితే పన్ను నాలుగు పిక్సెళ్ళ వెడల్పు, రెండు పిక్సెళ్ళ ఎత్తు ఉన్న దిమ్మె అవ్వాలి:

```
....####....####....
....####....####....
####################
####################
```

అదే బొమ్మ మీద, అటూ ఇటూ పళ్ళ వరస ఇలాగే సాగుతోందనుకుని `Scale2x` వేస్తే వచ్చేది ఇది:

```
.....##......##.....
#..######..######..#
####################
####################
```

ఒక్క పన్ను తీసుకుని లెక్క వేసి చూడండి. పన్నులో ఎడమ పిక్సెల్‌కు పైన ఆకాశం, ఎడమన ఆకాశం, కుడిన రాయి, కింద రాయి. B, D ఒకటే కాబట్టి ఎడమ పై మూల ఆకాశమైపోయింది. కుడి పిక్సెల్‌కూ అదే గతి. ఇక పళ్ళ మధ్య ఖాళీ చూడండి. అక్కడి ఎడమ పిక్సెల్‌కు ఎడమన రాయి, కింద రాయి, కాబట్టి దాని కింది మూలలో రాయి పూడింది. నేను దిమ్మెలు పెడితే ఫిల్టర్ దాన్ని పైన రెండు, కింద ఆరు వెడల్పున్న గుట్టలు చేసింది. మళ్ళీ ఇంకోసారి వేసి నాలుగు రెట్లు చేస్తే పిట్టగోడ నీటి అలలా తయారవుతుంది.

ఇంతకన్నా తమాషా ఒకటుంది. అదే పళ్ళను నేను ఒక్కో పిక్సెల్ వెడల్పుతో, ఒక్కో పిక్సెల్ ఖాళీతో గీసి ఉంటే ఫిల్టర్ వాటిని తాకనే తాకదు. అప్పుడు పన్నుకు ఎడమా కుడీ రెండూ ఆకాశమే, D, F ఒకటే, షరతు కుదరదు. అంటే ఒకే బొమ్మలో పైన ఉన్న సన్న పళ్ళు నిక్కచ్చిగా చతురస్రంగా మిగులుతాయి, కింద ఉన్న లావు పళ్ళు గుండ్రంగా మారతాయి. ఏ చిత్రకారుడూ అలా గీయడు. ఫిల్టర్‌కు బురుజు అంటే ఏమిటో తెలియదు, గుండు అంటే ఏమిటో తెలియదు. చతురస్రపు మూలకూ, గుండ్రటి అంచులోని మెట్టుకూ ఆ చుట్టుపక్కల నాలుగు పిక్సెళ్ళలో తేడా లేదు. లేని తేడాను ఎంత మంచి సూత్రమైనా కనిపెట్టలేదు.

`hq2x`, `xBR` ఇంకా పెద్ద వలయం చూస్తాయి, రంగుల దగ్గరతనం కూడా లెక్క వేస్తాయి, కాబట్టి ఫలితం ఇంకా నునుపుగా ఉంటుంది. పెద్ద పెద్ద బొమ్మలు, లావు గీతలు, చదును రంగులు ఉన్న కార్టూన్ ఆటల్లో అది బాగుందనిపించవచ్చు కూడా. కానీ పదహారు పిక్సెళ్ళ మనిషిలో మూల సమస్య అదే. కన్నుకు ఒక పిక్సెల్, నోటికి రెండు పిక్సెళ్ళు ఉన్న చోట ప్రతి పిక్సెల్‌నూ గీసినవాడు ఎంచి ఎంచి పెట్టాడు. ఫిల్టర్ దాన్ని పక్కనున్న ముక్కుతో కలిపి ఒక మరక చేస్తుంది. రెండు రంగుల్ని గళ్ళు గళ్ళుగా పేర్చి మూడో రంగు భ్రమ కలిగించే చోట్లయితే మరీ ఘోరం. గళ్ళలో రెండు ఏటవాలు దిక్కులకూ సమాన బలం ఉంటుంది. ఏ దిక్కున కలపాలో తేలక ఫిల్టర్ అక్కడ పురుగులు పాకినట్టు గీతలు పెడుతుంది. ఫిల్టర్ వేసుకునే ముందు ఆటలో ఆకాశం, నీళ్ళు, గోడ నీడలు ఉన్న చోటు ఒకసారి చూసుకోండి, అక్కడ దొరికిపోతుంది.

ఇక్కడికి వచ్చేసరికి అవతలి పక్షం తమ గట్టి బాణం తీస్తుంది. "అన్నా, పాత టీవీలో ఈ గళ్ళు యాడుండేవి? డబ్బా టీవీలో అంతా నున్నగానే కదా కనపడేది? గీసినోళ్ళు కూడా ఆ టీవీలు చూసే గదా గీసింది?" ఈ మాట నిజం. గొట్టం టీవీలో చతురస్రపు పిక్సెల్ ఎప్పుడూ కనపడలేదు. సెగా మెగాడ్రైవ్‌లో సోనిక్ మొదటి ఆట చూడండి. అందులో జలపాతాలు నిలువు చారలుగా గీసి ఉంటాయి. పాత కాంపోజిట్ వైరు గుండా వెళ్ళినప్పుడు ఆ చారలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, నీటి వెనక కొండ కనపడుతున్నట్టు ఉండేది. అదే బొమ్మను ఇంటీజర్ స్కేలింగ్‌తో కొత్త టీవీలో పెడితే నీళ్ళు పోయి ఊచలు మిగులుతాయి. మా పక్షంవాళ్ళు దీనికి సమాధానం చెప్పకుండా తప్పించుకుంటారు. నేను తప్పించుకోను, అక్కడ మనం ఓడిపోయాం.

అయితే ఆ ఓటమితో `xBR` గెలవదు. గొట్టం టీవీలో బొమ్మ అడ్డంగా మెత్తబడేది, నిలువుగా మాత్రం గీత గీత విడివిడిగా, మధ్యలో సన్నటి నలుపుతో కనపడేది. బైలీనియర్ రెండు దిక్కులా ఒకేలా మసక చేస్తుంది. `xBR` అయితే కత్తితో కోసినట్టు సాఫీ అంచులు ఇస్తుంది, అలాంటి అంచు ఏ గొట్టం టీవీలోనూ ఎవరూ చూడలేదు. డబ్బా టీవీ పేరు చెప్పి ఈ ఫిల్టర్లను సమర్థించడం పొసగదు. నిజంగా ఆ టీవీ కావాలంటే సీఆర్‌టీ షేడర్లు ఉన్నాయి. ఒక్కో గీతను వెలుగుతో గీసి, పక్కన నలుపు వదిలి, అడ్డంగా రంగులు కలుపుతాయి. జలపాతం మళ్ళీ జలపాతమవుతుంది.

వాటికీ ఇదే తిప్పలు. ఫుల్ హెచ్‌డీ తెర నిండా 4.5 రెట్లతో సీఆర్‌టీ షేడర్ పెట్టండి. ఒక గీతకు నాలుగు వరసలు, ఇంకో గీతకు ఐదు వరసలు వస్తాయి. ఒక చోట నలుపు సన్నగా, ఇంకో చోట మందంగా పడి తెర మీద పైనుంచి కిందికి అడ్డపట్టీలు తేలతాయి. దానికి మందు ఏమిటి? నిలువుగా నాలుగు రెట్లో ఐదు రెట్లో పెట్టుకోవడమే. అంటే పాత టీవీ అందం కావాలన్నవాడు కూడా చివరికి పూర్ణసంఖ్య దగ్గరికే రావాలి. కాకపోతే అతనికి నిలువు లెక్క ఒక్కటీ కుదిరితే చాలు. అడ్డంగా ఎలాగూ రంగులు కలిసిపోతాయి కాబట్టి అటువైపు కొంచెం అటూ ఇటూ అయినా కనపడదు.

అడ్డం, నిలువు వేరుగా చూడటం నేర్చుకుంటే ఇంకో చిక్కు కూడా విడిపోతుంది. ఇంటీజర్ స్కేలింగ్ పెట్టగానే మనుషులు సన్నగా, పొడుగ్గా కనపడుతున్నారని చాలామంది అంటారు. అది కంటి భ్రమ కాదు. ఫ్యామికామ్ పిక్సెల్ చతురస్రం కాదు. జపాన్, అమెరికా టీవీల్లో ఆ పిక్సెల్ ఎత్తు కన్నా వెడల్పు 8:7 నిష్పత్తిలో ఎక్కువ, అంటే దాదాపు 1.14. మన దేశంలో డబ్బా టీవీల కాలంలో ప్రసారం పాల్ పద్ధతిలో ఉండేది. పాల్ తరహా యంత్రంలో అదే పిక్సెల్ ఇంకా వెడల్పు, 1.39 దాకా ఉంటుంది. పాల్ టీవీ 288 గీతలు చూపించగలదు, ఆట ఇచ్చేది 240 మాత్రమే. మిగిలిన చోట పైనా కిందా నలుపే. ఆ నలుపులో కొంత చట్రం వెనక దాగిపోయేది కాబట్టి ఎవరికీ గుర్తులేదు గానీ, మా తమ్ముడు తిట్టే నల్ల పట్టీలు డబ్బా టీవీ రోజుల్లోనే ఉన్నాయి.

దీనికి నేను చేసే పని చిన్నదే. ఫుల్ హెచ్‌డీలో నిలువుగా నాలుగు, అడ్డంగా ఐదు రెట్లు పెంచుతాను. 256కు ఐదు రెట్లు 1280, 240కి నాలుగు రెట్లు 960. బొమ్మ సరిగ్గా పాత టీవీల 4:3 ఆకారంలో వస్తుంది. ప్రతి పిక్సెల్ ఐదు వెడల్పు, నాలుగు ఎత్తు, అన్నీ ఒక్కటే. వెడల్పు నిష్పత్తి 1.25. జపాన్ లెక్కకు తొమ్మిది శాతం ఎక్కువ, పాల్ లెక్కకు పది శాతం తక్కువ. చతురస్రపు పిక్సెల్ పెడితే జపాన్ లెక్కకే పన్నెండున్నర శాతం తక్కువ పడుతుంది, కాబట్టి ఐదు-నాలుగు రెండిటికీ నయమే. 768 ల్యాప్‌టాప్‌లో అయితే నాలుగు-మూడు: 1024×720, నిష్పత్తి 1.33, పాల్ ఆకారానికి చాలా దగ్గర. రెట్రోఆర్చ్‌లో కస్టమ్ సైజు పెట్టుకుని ఈ అంకెలు ఇవ్వవచ్చు. ముందు ఎమ్యులేటర్ పైనా కిందా ఎనిమిదేసి గీతలు కోయకుండా ఆపాలి. కోసిందంటే 960ని 224తో భాగించాల్సి వస్తుంది, మళ్ళీ మొదటికొస్తాం.

మా పక్షంలో ఛాందసులు దీన్ని ఒప్పుకోరు. పిక్సెల్ అంటే చతురస్రమే అంటారు. నాకు కావాల్సింది పిక్సెళ్ళన్నీ ఒకదానికొకటి సమానంగా ఉండటం. వంకర పోయేది అసమానం వల్లే గానీ దీర్ఘచతురస్రం వల్ల కాదు.

మరి పూర్ణసంఖ్య అస్సలు కుదరని చోట? గేమ్‌బాయ్ అడ్వాన్స్ బొమ్మ 240×160. చేతిలో పట్టుకుని ఆడే చవక చైనా యంత్రాలు చాలావాటిలో తెర 640×480. రెండు రెట్లు పెంచితే 480×320, తెరలో సగమే నిండుతుంది. ఆ మూడున్నర అంగుళాల తెర మీద నల్ల పట్టీలు వదిలేయమని నేను కూడా చెప్పలేను, అక్షరాలు చదవడానికి భూతద్దం కావాలి. అడ్డంగా నింపితే 2.67 రెట్లు. ఫిల్టర్ లేకుండా పెడితే పిక్సెళ్ళు రెండు, మూడు, మూడు అని పడతాయి, అంటే ఒకటి ఇంకోదానికి ఒకటిన్నర రెట్లు. ఫుల్ హెచ్‌డీలో నాలుగు-ఐదు తేడా దీని ముందు ఎంత!

ఇక్కడ నేను sharp-bilinear అనే షేడర్ వాడతాను. అది రెండు అంచెల్లో పని చేస్తుంది. ముందు బొమ్మను పూర్ణసంఖ్య రెట్లు, గళ్ళు చెడకుండా పెంచుతుంది. ఆ తర్వాత మిగిలిన కొద్దిపాటి సాగదీతను మాత్రం బైలీనియర్‌తో చేస్తుంది. 4.5 రెట్ల లెక్కలో చూస్తే, మొదటి పిక్సెల్ 0 నుంచి 4.5 దాకా, రెండోది 4.5 నుంచి 9 దాకా ఉండాలి. తెర మీద ఐదో పిక్సెల్ సగం దీనిది, సగం దానిది. ఆ ఒక్కదానికి రెండు రంగుల మిశ్రమం పడుతుంది. మిగతా నాలుగూ దాదాపు స్వచ్ఛమైన రంగులో ఉంటాయి. అన్ని పిక్సెళ్ళూ సమానమే, సరిహద్దుల్లో మాత్రం వెంట్రుకవాసి మసక. బొమ్మ నడిచినా కళ్ళు పెద్దవీ చిన్నవీ కావు. ఎక్కడా ఊహ లేదు, బురుజు పళ్ళు దిమ్మెలుగానే ఉంటాయి. ఫిల్టర్ అనే మాటకే నేను వ్యతిరేకిని కాదని ఇప్పుడు అర్థమై ఉంటుంది.

2.67 రెట్ల దగ్గర ఆ మసక పరీక్షగా చూస్తే తెలుస్తుంది, ఎందుకంటే ఒక్కో పిక్సెల్‌కు ఉన్నదే రెండుమూడు తెర పిక్సెళ్ళు. రెట్లు పెరిగేకొద్దీ అది కరిగిపోతుంది. 1080×2400 ఫోన్‌ను అడ్డంగా పట్టుకుంటే గేమ్‌బాయ్ అడ్వాన్స్ బొమ్మ 6.75 రెట్లు నిండుతుంది. ఫిల్టర్ లేకపోయినా తేడా ఆరుకూ ఏడుకూ మధ్యే, sharp-bilinear వేస్తే కళ్ళు పొడుచుకున్నా కనపడదు. మా తమ్ముడికి ఇప్పుడు ఫోన్‌లో తెర ఎత్తు నిండా అలాగే పెట్టిచ్చాను. టీవీ రిమోట్ మాత్రం నా దగ్గరే ఉంటుంది.